సాణంద్ ఫ్యాక్టరీ, నానో కారు, ఇరవై మార్కుల జవాబు

స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ ప్రశ్నపత్రంలో కేస్ స్టడీ చాలాసార్లు చివర్లోనే ఉంటుంది. పేజీన్నర కథ, మధ్యలో కొన్ని అంకెలు, కింద ఒక ప్రశ్న: "ఈ కంపెనీ ఎదుర్కొంటున్న వ్యూహాత్మక సమస్యను గుర్తించి, విశ్లేషించి, తగిన మార్గం సూచించండి." ఏడాదంతా శ్రద్ధగా చదివినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి తడబడతారు. కథను తమ మాటల్లో మళ్లీ రాస్తారు, నాలుగు గడుల స్వాట్ పట్టిక గీస్తారు, చివర "కంపెనీ నాణ్యత పెంచాలి, ప్రకటనలు ఎక్కువ ఇవ్వాలి, ఖర్చులు తగ్గించుకోవాలి" అని ముగిస్తారు. మూడు పేజీలు నిండుతాయి కానీ మార్కులు సగం దాటవు. ఆ మూడు సలహాలూ సిమెంటు కంపెనీకి సరిపోతాయి, ఆస్పత్రికీ సరిపోతాయి. ఏ కంపెనీకైనా సరిపోయే సలహా రాస్తే, ఆ విద్యార్థి ఈ కేసు చదివాడని దిద్దేవారికి ఎలా తెలుస్తుంది?

కేసులతో పాఠం చెప్పే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది 1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూల్. మన దేశంలో విద్యార్థులు చదివే కేసుల్లో చాలావాటిని హైదరాబాద్‌లోని ఇక్ఫాయ్ సంస్థల్లోనే రాశారు. క్లాసులో అయితే ఒక్క కేసును గంటన్నర చర్చిస్తారు, ఒకరు తప్పు దారి పడితే ఇంకొకరు సరిచేస్తారు. పరీక్షలో ఆ చర్చ అంతా ఒక్కరి తలలోనే, నలభై నిమిషాల్లో జరిగిపోవాలి. అందుకే ముందు ఏం రాయాలి, తర్వాత ఏం రాయాలి అన్న క్రమం అక్కడ అంత అవసరం అవుతుంది.

ఆ క్రమాన్ని ఒక నిజమైన కేసు మీద చూద్దాం. టాటా నానో కథ అందరికీ కొంత తెలిసిందే. ప్రశ్నపత్రంలో అది ఇలా ఉంటుందనుకోండి. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో టాటా మోటార్స్ లక్ష రూపాయల కారును చూపించింది. స్కూటర్ మీద వెళ్లే నలుగురి కుటుంబానికి భద్రమైన వాహనం ఇవ్వాలన్నది రతన్ టాటా ఆలోచన. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో భూమి వివాదం ముదరడంతో 2008 అక్టోబరులో కంపెనీ అక్కడినుంచి బయటికొచ్చింది. 2009 ఏప్రిల్‌లో బుకింగులు తెరిస్తే రెండు లక్షలకు పైగా వచ్చాయి, మొదటి లక్ష మందిని లాటరీ తీసి ఎంచుకోవాల్సి వచ్చింది. అసలు ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌లో 2010 జూన్‌లో మొదలైంది. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు దాని సామర్థ్యం. కొన్ని కార్లకు నిప్పంటుకున్న వార్తలు వచ్చాయి. 2010 నవంబరులో అమ్మకాలు 509కి పడిపోయాయి. తర్వాత కోలుకుని 2011-12లో సుమారు 74 వేలు అమ్ముడుపోయాయి, 2012-13లో మళ్లీ సుమారు 54 వేలకు దిగాయి. కారు ధర వేరియంట్‌ని బట్టి రెండు లక్షల దగ్గరకు చేరింది. 2012 అక్టోబరులో వచ్చిన మారుతి ఆల్టో 800 ధర సుమారు రెండున్నర లక్షల నుంచి మొదలవుతోంది. ఇప్పుడు 2013 మధ్యలో ఉన్నాం. కంపెనీ ఏం చేయాలి? ఇరవై మార్కులు.

మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఆ చివరి మాట, 2013 మధ్య. కేసు ఏ తేదీ దగ్గర ఆగిందో జవాబు కూడా అక్కడే నిలబడి రాయాలి. నానో 2018 నాటికి దాదాపు ఆగిపోయిందని మనకు ఇప్పుడు తెలుసు. "ఎలాగూ ఈ కారు విఫలమైంది కాబట్టి మూసేయాలి" అని రాస్తే మాత్రం అది విశ్లేషణ అనిపించుకోదు, తర్వాత జరిగినదాన్ని వెనక్కి తెచ్చి అంటించడమే అవుతుంది. 2013లో ఆ కుర్చీలో కూర్చున్న మేనేజరు చేతిలో ఏ సమాచారం ఉందో దాంతోనే నిర్ణయం చెప్పాలి. కేసులో లేని విషయం అవసరమైతే "ఇలా అనుకుంటున్నాను" అని ఊహను ఊహగానే రాస్తే తప్పు పట్టరు. ఊహను వాస్తవంగా రాస్తే పట్టుకుంటారు.

నలభై నిమిషాలు చేతిలో ఉంటే మొదటి పది నిమిషాలు జవాబు పేజీ మీద పెన్ను పెట్టకపోవడమే మేలు. మొదట కింద ఉన్న ప్రశ్న చదివి, తర్వాత కేసు చదవాలి. ఏం వెతకాలో అప్పుడే తెలుస్తుంది. రెండోసారి చదివేటప్పుడు అంకెల కింద గీతలు గీసి, ఆ అంకెలతో చేయగలిగిన చిన్న లెక్కలు రఫ్ పేజీలో చేయాలి. చాలామంది వదిలేసే పని ఇదే, జవాబుకు బలం వచ్చేదీ ఇక్కడే. నానో కేసులో సామర్థ్యం 2,50,000, అమ్మకం 54,000. భాగిస్తే ఇరవై రెండు శాతం లోపు. అన్నిటికంటే బాగా అమ్మిన ఏడాది 74,000 తీసుకున్నా ముప్పై శాతమే. నెలకు సుమారు ఇరవై వేల ఎనిమిది వందల కార్లు చేయగల ఫ్యాక్టరీ నాలుగున్నర వేలు చేస్తోంది. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేని ఈ మూడు లెక్కలే తర్వాత జవాబు మొత్తాన్ని నడిపిస్తాయి.

జవాబు మొదలయ్యేది సమస్య దగ్గర. ఇక్కడ చాలామంది "నానో అమ్మకాలు తగ్గడమే సమస్య" అని రాస్తారు. అమ్మకాలు తగ్గడం లక్షణం మాత్రమే, జ్వరం లాంటిది. దాని వెనకున్న జబ్బు పేరు చెప్పాలి. లక్షణాన్ని సమస్యగా రాశామని పసిగట్టడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. మనం రాసిన వాక్యం ముందు "ఎందుకు" అని పెట్టి చూడాలి. దానికి కేసులోనే జవాబు దొరుకుతోందంటే మనం ఇంకా పైపైనే ఉన్నామని అర్థం. నానో అమ్మకాలు ఎందుకు తగ్గాయి? స్కూటర్ కుటుంబం కొనలేదు కాబట్టి. ఎందుకు కొనలేదు? "దేశంలోకెల్లా చవక కారు" అన్న ముద్ర పడింది. మొదటి కారు కొనే కుటుంబం దాన్ని ఇంటి ముందు గొప్పగా నిలబెట్టుకోవాలనుకుంటుంది, చవక అన్న పేరును కోరుకోదు. రతన్ టాటాయే తర్వాత ఆ ముద్ర తప్పని బహిరంగంగా అన్నారు. ఇక్కడితో ఆగినా తప్పు లేదు, మంచి మార్కులే వస్తాయి. కానీ రఫ్ పేజీలో లెక్కలు ఇంకో అడుగు లోపలికి తీసుకెళ్తాయి.

లక్ష రూపాయలకు కారు ఇవ్వడం సాధ్యమయ్యేది లక్షల కార్లు అమ్మితేనే. ఫ్యాక్టరీ, అచ్చులు, డిజైన్ ఖర్చు అన్నీ ముందే పెట్టేశారు, ఒక్కో కారు మీద ఆ భారం తగ్గాలంటే సంఖ్య పెరగాలి. మైఖేల్ పోర్టర్ 1980లో చెప్పిన వ్యూహాల్లో తక్కువ ఖర్చుతో ముందుండటం అన్నది ఇలాంటిదే, దాని ఊపిరి పరిమాణం. ఐదో వంతు సామర్థ్యంతో నడిచే ఫ్యాక్టరీలో తక్కువ ధర వ్యూహం తనను తానే కొట్టుకుంటుంది. కార్లు అమ్మకపోతే ఒక్కో కారు ఖర్చు పెరుగుతుంది. ధర పెంచితే ఆల్టో దగ్గరకు చేరుతుంది, పెంచకపోతే నష్టం పెరుగుతుంది. అప్పుడు సమస్య పేరా ఇలా వస్తుంది:

"2013 మధ్య నాటికి టాటా మోటార్స్ ముందున్న ప్రధాన సమస్య నానో తక్కువ అమ్మకాలు మాత్రమే కాదు. ఏడాదికి 2.5 లక్షల కార్ల పరిమాణం మీద ఆధారపడి నిర్ణయించిన తక్కువ ధర వ్యూహం, 22 శాతం కంటే తక్కువ సామర్థ్య వినియోగంతో నిలబడలేకపోతోంది. ఆ పరిమాణం రాకపోవడానికి ముఖ్య కారణం 'చవక కారు' అన్న ముద్ర. కాబట్టి నిర్ణయించాల్సింది రెండు విషయాలు: నానోను ఎవరికి అమ్మాలి, సాణంద్ ఫ్యాక్టరీని దేనితో నింపాలి."

నాలుగు వాక్యాలే. కేసును తిరగరాయలేదు, అయినా కేసులోని అసలు విషయమంతా వచ్చింది. తర్వాత రాసే ప్రతి పేరా ఈ రెండు ప్రశ్నల్లో ఒకదానికి సమాధానం చెప్పాలి. చెప్పనిది ఎంత నిజమైనా అక్కర్లేదు.

విశ్లేషణలో అసలు చిక్కు సాధనాలతో వస్తుంది. సిలబస్‌లో స్వాట్, పెస్టెల్, పోర్టర్ ఐదు శక్తులు, వాల్యూ చైన్, బీసీజీ మ్యాట్రిక్స్, ఆన్సాఫ్ మ్యాట్రిక్స్ అన్నీ ఉంటాయి కాబట్టి అన్నిటినీ ప్రయోగించాలనిపిస్తుంది. సంయమనం ఇక్కడే కావాలి. ప్రశ్నలో ఫలానా సాధనం వాడమని అడిగితే అది తప్పకుండా వాడాలి. అడగకపోతే, సమస్యకు పనికొచ్చే ఒకటి రెండు సాధనాలు ఎంచుకుని వాటిని లోతుగా వాడితే చాలు. ఐదు శక్తుల్లో ఐదింటికీ తలా రెండు వాక్యాలు రాసే బదులు, ఈ కేసులో నిర్ణయాన్ని మార్చే రెండు శక్తులు ఏవో గుర్తించి వాటి మీదే నిలవాలి. మిగతావి ఎందుకు అంత ముఖ్యం కాదో ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు.

నానో విషయంలో ఆ శక్తులు ప్రత్యామ్నాయ వస్తువులు, కొనుగోలుదారుల బలం. ప్రత్యామ్నాయం అనగానే విద్యార్థి "మోటార్ సైకిళ్లు" అని రాసి ముందుకెళ్తాడు. కాస్త ఆగి ఆలోచిస్తే, బైకు దగ్గరే ఆగిపోయే కుటుంబం ఒకటి, బైకు దాటి కారు కొనదలిచిన కుటుంబం ఇంకొకటి. రెండో కుటుంబం ముందు కొత్త నానోతోపాటు అదే డబ్బుకు వచ్చే సెకండ్ హ్యాండ్ ఆల్టో కూడా ఉంది. ఆ ఆల్టోకు డిక్కీ తెరుచుకుంటుంది. నానోకు వెనక డిక్కీ తలుపే లేదు, సామాను సీటు వంచి లోపలినుంచి పెట్టుకోవాలి. 624 సీసీ ఇంజన్, పవర్ స్టీరింగ్ లేదు. కొనేవాడికి ఎంపిక ఉంది, వస్తువు మారడానికి ఖర్చు లేదు. అంటే ఈ మార్కెట్లో కొనుగోలుదారుడిదే పైచేయి. ఇలా వాస్తవం, దాన్నుంచి తీసిన అర్థం, ఆ అర్థం నిర్ణయం మీద చూపే ప్రభావం ఒకదాని వెంట ఒకటి రావాలి. విశ్లేషణలో ఏ వాక్యమైనా "అయితే ఏంటి" అన్న ప్రశ్నకు నిలబడాలి. "టాటా బ్రాండ్‌కు మంచి పేరు ఉంది" అని రాస్తే, అయితే ఏంటి? "ఆ పేరు వల్లే డెలివరీలు మొదలవకముందే రెండు లక్షల బుకింగులు వచ్చాయి, అంటే జనం కారునే కోరారు, బండి చేతికొచ్చాక ఆ కోరిక నిలవలేదు" అని రాసినప్పుడు అదే వాస్తవం పనికొస్తుంది.

స్వాట్ వాడితే ఇంకో జాగ్రత్త కావాలి. "తక్కువ అమ్మకాలు" అని బలహీనత గడిలో రాయడం చాలా సాధారణంగా కనిపించే తప్పు. అమ్మకాలు ఫలితం, బలహీనత దాని కారణం. బలాలు, బలహీనతలు కంపెనీ లోపలివి. అవకాశాలు, ముప్పులు బయటివి. "ధర తగ్గించడం" అవకాశం కాదు, అది కంపెనీ చేసే పని. ఈ గీత చెరిగిపోతే పట్టిక ఎంత అందంగా గీసినా దిద్దేవారికి అవగాహన లేనట్టు కనిపిస్తుంది. పట్టిక గీశాక దాని కింద రెండు వాక్యాలు తప్పనిసరి. ఏ బలంతో ఏ అవకాశాన్ని అందుకోవచ్చు, ఏ బలహీనత ఏ ముప్పును పెంచుతోంది అన్నది అక్కడ తేలాలి. అది లేకపోతే పట్టిక ఉన్నా లేకపోయినా ఒకటే.

తర్వాత ప్రత్యామ్నాయాలు. ఒకే మార్గం రాసి అదే సరైనదంటే ఎంపిక జరగనట్టే. మూడు మార్గాలు సరిపోతాయి, కానీ అవి నిజంగా వేర్వేరు దారులై ఉండాలి. "ప్రకటనలు పెంచడం, డిస్కౌంట్లు ఇవ్వడం, డీలర్లను పెంచడం" మూడూ ఒకే దారిలో మూడు అడుగులు. నానోకు మూడు దారులు ఇవి. ఒకటి, ధర తక్కువగానే ఉంచి చిన్న ఊళ్లలోకి, సులభమైన ఫైనాన్సుతో లోతుగా వెళ్లడం. రెండు, పవర్ స్టీరింగ్, తెరుచుకునే డిక్కీ లాంటి సౌకర్యాలు చేర్చి, చవక ముద్ర తీసేసి, నగరాల్లోని యువతకు చిన్న సిటీ కారుగా అమ్మడం. మూడు, నానోను ఉన్నచోట ఉంచి, సాణంద్‌లో ఇంకో మోడల్‌ను కూడా చేసి ఫ్యాక్టరీని నింపడం.

వీటిని తూచడానికి ముందుగానే ఒక త్రాసు చెప్పాలి. లేకపోతే ఏ దారి నచ్చితే దాని మంచి, నచ్చనిదాని చెడు రాసేస్తాం. జెర్రీ జాన్సన్, కెవన్ షోల్స్ పాఠ్యపుస్తకం ఇచ్చిన మూడు ప్రశ్నలు పరీక్షలో చక్కగా పనిచేస్తాయి. ఈ దారి సమస్యకు తగినదేనా? వాటాదారులకు, డీలర్లకు, కొనేవాళ్లకు ఒప్పుకోదగినదేనా, రిస్కు ఎంత? చేయడానికి డబ్బు, నైపుణ్యం, సమయం ఉన్నాయా? ఈ మూడు ప్రశ్నలకూ మూడు దారులనూ నిలబెడితే ఫలితం దానంతటదే బయటపడుతుంది. మొదటి దారి ఫైనాన్సు పరంగా సాధ్యమే కానీ చవక ముద్రను మరింత గట్టి చేస్తుంది, కాబట్టి సమస్యకు తగదు. రెండో దారి ముద్ర సమస్యకు సరిగ్గా తగుతుంది, కానీ ధర పెరిగేసరికి కారు ఆల్టోతో నేరుగా తలపడాలి. పైగా బాగా అమ్మిన ఏడాది స్థాయికి తిరిగి చేరుకున్నా ఫ్యాక్టరీ ముప్పై శాతమే నిండుతుంది. ముద్ర పోయినంత మాత్రాన ఫ్యాక్టరీ నిండదు. మూడో దారి ఫ్యాక్టరీ సమస్యను తీరుస్తుంది, కానీ కొత్త మోడల్‌కు సమయం, పెట్టుబడి కావాలి, నానో మాత్రం అలాగే ఉండిపోతుంది.

రఫ్ పేజీలో చేసిన చిన్న భాగాహారం ఇక్కడ జవాబును తిప్పింది. అది లేకుండా రాసినవాళ్లలో ఎక్కువమంది రెండో దారిని ఎంచుకుని ఆగిపోతారు. లెక్క ఉన్నవాళ్లకు రెండోదీ మూడోదీ కలిపితే తప్ప సరిపోదని తెలుస్తుంది. రెండు దారులు కలపడం తప్పేమీ కాదు, కానీ ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు అన్నది చెప్పకుండా "అన్నీ చేయాలి" అంటే నిర్ణయం తప్పించుకున్నట్టే. కాబట్టి సిఫారసు పేరా మొదటి వాక్యంలోనే నిర్ణయం ఉండాలి: "నానోను నగర యువతకు చిన్న సిటీ కారుగా పునఃస్థాపించాలి, అదే సమయంలో సాణంద్‌లో రెండో మోడల్ తయారీకి సిద్ధం కావాలి. ఎందుకంటే మొదటిది ముద్రను సరిచేస్తుంది, కానీ ఒక్కటే ఫ్యాక్టరీని నింపలేదు." ఎందుకంటే అన్న మాట తర్వాత వచ్చేది విశ్లేషణలో ముందే చూపించినదై ఉండాలి. సిఫారసులో కొత్త వాదన మొదలైతే జవాబు క్రమం చెడిందని అర్థం.

కంపెనీ తర్వాత ఏం చేసిందన్నది పరీక్షకు అక్కర్లేదు, ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం చెప్పొచ్చు. 2014 జనవరిలో పవర్ స్టీరింగ్‌తో నానో ట్విస్ట్ వచ్చింది, 2015లో తెరుచుకునే డిక్కీతో కొత్త నానో వచ్చింది. 2016లో విడుదలైన టియాగో సాణంద్‌లోనే తయారైంది. నానో మాత్రం కోలుకోలేదు. అంత మాత్రాన 2013లో నిలబడి ఆ దారి సూచించిన విద్యార్థికి మార్కులు తగ్గవు. దిద్దేవారు చూసేది ఆధారం నుంచి నిర్ణయానికి దారి తెగకుండా వెళ్లిందా లేదా అన్నదే. ఆ మాటకొస్తే నానోను వెంటనే ఆపేయాలని చక్కటి ఆధారంతో వాదించినా పూర్తి మార్కులు రావచ్చు.

అమలు గురించి నాలుగైదు వాక్యాలు చాలు, కానీ అవి ఎవరు, ఎప్పుడు, దేనితో కొలుస్తారు అన్నది చెప్పాలి. "మొదటి ఆరు నెలల్లో పవర్ స్టీరింగ్ ఉన్న వేరియంట్ విడుదల, మార్కెటింగ్ విభాగం బాధ్యత, చవక అన్న మాట లేని కొత్త ప్రచారం. పద్దెనిమిది నెలల్లో నెలసరి అమ్మకం ఇప్పటి నాలుగున్నర వేల నుంచి తొమ్మిది వేలకు చేరాలి. చేరకపోతే నానో మీద కొత్త పెట్టుబడి ఆపి, రెండో మోడల్‌ను ముందుకు జరపాలి." తొమ్మిది వేలు ఎందుకు అని అడిగితే, అది ఇప్పటి అమ్మకానికి రెట్టింపు, సామర్థ్యంలో నలభై మూడు శాతం అని చెప్పగలగాలి. అలాంటి హద్దు ఒకటి పెడితే, పథకం విఫలమైతే ఎప్పుడు ఎలా తెలుస్తుందో కూడా జవాబులో వచ్చేస్తుంది. రిస్కు గురించి వేరే పేరా అక్కర్లేదు.

సమయం చేయిదాటితే ఏం వదలాలో కూడా ముందే తేల్చుకోవాలి. చేతిలో ఎనిమిది నిమిషాలే ఉండి విశ్లేషణ ఇంకా సగంలో ఉంటే, రాస్తున్న వాక్యాన్ని ముగించి, ఒక లైను వదిలి సిఫారసుకు వెళ్లిపోవాలి. ప్రత్యామ్నాయాలను మూడు లైన్ల చిన్న పట్టికగా, అమలును రెండు పాయింట్లుగా రాయొచ్చు. సమస్య పేరా, సిఫారసు పేరా మాత్రం పూర్తి వాక్యాల్లోనే ఉండాలి. చివరి రెండు నిమిషాలు ఆ రెండిటినీ పక్కపక్కన చదవడానికి ఉంచుకోవాలి. సమస్య పేరాలో "ఎవరికి అమ్మాలి, దేనితో నింపాలి" అని రెండు ప్రశ్నలు వేసి, సిఫారసులో ఒకదానికే సమాధానం రాసి ఉంటే, ఆ రెండో వాక్యం చేర్చడానికి ఆ రెండు నిమిషాలు సరిపోతాయి.